టెట్ పేపర్-1 సైకాలజీ రివిజన్: ప్రశ్నలు, జవాబులు, కాస్త చివాట్లు

ఆదివారం బ్యాచ్ వాళ్లకి. కుక్క కనిపిస్తే పావ్‌లోవ్, పిల్లి కనిపిస్తే థార్న్‌డైక్ అని టిక్ పెట్టేయడం మీలో చాలామందికి అలవాటైపోయింది, అందుకే ఈసారి జంతువులన్నిటినీ పేపర్లోంచి తీసేశాను. ప్రతి ప్రశ్న దగ్గరా ఒక్కటే అడగండి: మార్పు దేనివల్ల వచ్చిందని ఈ సిద్ధాంతం అంటోంది?

1. ఇంజక్షన్ చేయించుకున్న మూడేళ్ల పాప ఇప్పుడు తెల్లకోటు వేసుకున్న ఎవర్ని చూసినా ఏడుస్తోంది. ఏ అభ్యసనం?
జ: శాస్త్రీయ నిబంధనం. నొప్పితో జతపడింది కాబట్టి ఏ సంబంధమూ లేని కోటు కూడా ఏడుపు తెప్పిస్తోంది. ఏడిస్తే ఏదో దొరుకుతుందని పాప ఏడవడం లేదు, అది దానంతటదే వస్తోంది. ఎవర్ని చూసినా ఏడుస్తోందంటే అది సామాన్యీకరణం.

2. స్పెల్లింగ్ తప్పుల్లేకుండా రాసినవాళ్లకి రోజూ ఉండే ఇంపొజిషన్ తీసేస్తానంది టీచర్. తప్పులు తగ్గాయి. ఇది: 1) ధనాత్మక పునర్బలనం 2) రుణాత్మక పునర్బలనం 3) దండన 4) విరమణ
జ: 2. ‘రుణాత్మక’ అనగానే శిక్ష అనుకుని 3 పెట్టేవాళ్లే ఎక్కువ. స్కిన్నర్ లెక్కలో ముందు ప్రవర్తన పెరిగిందా తగ్గిందా అని చూడాలి. పెరిగితే అది పునర్బలనమే, ఇక రెండో మాట లేదు. తర్వాత ఏదైనా ఇచ్చారా, తీసేశారా అని చూడండి. ఇక్కడ జాగ్రత్తగా రాయడం పెరిగింది, ఇష్టంలేని ఇంపొజిషన్ పోయింది. అదే తప్పు రాసినందుకు ఇంపొజిషన్ ఇచ్చి తప్పులు తగ్గిస్తే దండన అవుతుంది.

3. రవి పజిల్ ముక్కల్ని పెడుతూ తీస్తూ, రోజురోజుకీ తప్పులు తగ్గించుకుంటూ నేర్చుకున్నాడు. లత కాసేపు అలా చూస్తూ కూర్చుని ఒక్కసారిగా అన్నీ పెట్టేసింది. ఎవరిది ఏది?
జ: రవిది థార్న్‌డైక్ యత్నదోష అభ్యసనం, లతది కోహ్లర్ అంతర్దృష్టి అభ్యసనం. ఒకటి మెల్లగా బలపడే బంధం, రెండోది మొత్తం పరిస్థితిని ఒకేసారి అర్థం చేసుకోవడం.

4. బహుమతి లేకుండా నేర్చుకోవడం కుదురుతుందా? బండూరా ఏమంటాడు?
జ: కుదురుతుంది, చూస్తే చాలు. 1965 ప్రయోగంలో, బొమ్మను కొట్టిన పెద్దమనిషికి శిక్ష పడటం సినిమాలో చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. చూసింది చేసి చూపిస్తే బహుమతిస్తామనగానే వాళ్లూ మిగతావాళ్లలాగే చేసి చూపించారు. అంటే నేర్చుకున్నారు, బయటపెట్టలేదంతే. పునర్బలనం పనిచేసేది బయటపెట్టడం దగ్గర అనేది ఇక్కడి అసలు పాయింట్.

5. అయిదేళ్ల చిన్ను లెక్క చేస్తూ ‘ముందు ఒకట్లు... తర్వాత పదులు’ అని తనలో తను పైకే అనుకుంటున్నాడు. పియాజే, వైగాట్‌స్కీ దీన్ని ఎలా చూస్తారు?
జ: నాకు బాగా ఇష్టమైన ప్రశ్న, ఎందుకంటే సంఘటన ఒకటే, తీర్పులు రెండు. పియాజేకి ఇది అహంకేంద్రిత భాష, ఎదుటివాళ్ల కోణం ఇంకా అందలేదనడానికి గుర్తు, వయసుతో తగ్గిపోతుంది. వైగాట్‌స్కీకి ఇది పిల్లవాడు తనను తాను నడిపించుకునే పనిముట్టు, పోదు, లోపలికి వెళ్లి ఆలోచనగా మారుతుంది. దీని వెనకున్న వాదన కూడా చూడండి: పియాజే దృష్టిలో వికాసం ముందు, అభ్యసనం దాని వెనక. వైగాట్‌స్కీ దృష్టిలో పెద్దవాళ్ల సాయంతో జరిగే అభ్యసనమే వికాసాన్ని ముందుకు లాగుతుంది, సామీప్య వికాస మండలం అనే మాటకి అర్థం అక్కడే ఉంది.

6. ‘కాపీ కొట్టను, దొరికితే కొడతారు’ అంది ఒకమ్మాయి. ‘కాపీ కొట్టను, రూల్ అందరికీ ఒకటే కదా’ అంది ఇంకొకమ్మాయి. కోల్‌బర్గ్ ప్రకారం ఇద్దరిదీ ఒకే స్థాయా?
జ: కాదు. మొదటిది పూర్వ సాంప్రదాయ స్థాయి, రెండోది సాంప్రదాయ స్థాయి. ఆయన నిర్ణయాన్ని చూడడు, కారణాన్ని చూస్తాడు.

7. పరుగులో అందరికన్నా వెనకబడిన కిరణ్ పట్టుబట్టి లెక్కల్లో ఫస్ట్ వచ్చాడు. దీన్ని పరిహారంగా చూసేది: 1) ఎరిక్‌సన్ 2) ఆడ్లర్ 3) ఆల్‌పోర్ట్ 4) రోజర్స్
జ: 2. ‘న్యూనత’ అనే మాట ఎరిక్‌సన్ దగ్గరా ఉంది, టెన్షన్‌లో అక్కడే జారిపోతారు. ఎరిక్‌సన్‌కి అది బడి వయసులో శ్రమశీలత కుదరకపోతే మిగిలే ఫలితం. ఆడ్లర్‌కి అందరిలోనూ చిన్నప్పటినుంచీ ఉండి మనిషిని ముందుకు తోసే శక్తి. ఆల్‌పోర్ట్ అయితే పట్టుదల కిరణ్‌లో స్థిరంగా ఉన్న లక్షణమా అని చూస్తాడు, రోజర్స్ వాడి ఆత్మభావన గురించి అడుగుతాడు.

8. టీచర్ రాగానే పిల్లలంతా లేచి నిలబడ్డారు. పావ్‌లోవ్, స్కిన్నర్, బండూరా ముగ్గురి తరఫునా ఒక్కో వాక్యం రాయండి.
దీనికి జవాబు ఇవ్వడం లేదు. వచ్చే ఆదివారం రాసి తీసుకురండి, పక్కవాళ్ల నోట్సు చూసి రాస్తే అది బండూరా ఖాతాలో వేస్తాను.