మలై కాజా కిలో 400 నుంచి 440కి: డిమాండ్ ధర వ్యాకోచత్వం, ఒక లెక్క

నెల్లూరు ట్రంక్ రోడ్డులో ఒక మిఠాయి దుకాణం ఉందనుకుందాం. అంకెలు నేను కల్పించినవే, కాబట్టి అది ఏ దుకాణమో వెతుక్కుంటూ సాయంత్రం బయలుదేరవద్దు. వెళ్లినా నష్టం లేదు, కాజా తిని రావచ్చు.

ఆ దుకాణంలో మలై కాజా కిలో 400 రూపాయలు ఉండేది. నెయ్యి, పాలు ప్రియమయ్యాయని యజమాని 440 చేశాడు. పెంచక ముందు నాలుగు వారాల సగటు అమ్మకం వారానికి 250 కిలోలు. పెంచిన తర్వాత మొదటి రెండు వారాలను లెక్కలోకి తీసుకోలేదు. అలవాటు కొద్దీ వచ్చి, కొత్త ధర విని గొణుక్కుంటూనే కొని వెళ్లే రోజులవి. ఆ తర్వాతి నాలుగు వారాల సగటు 215 కిలోలు. రెండు కాలాల్లోనూ పండుగలు, పెళ్లి ముహూర్తాల రద్దీ లేదు. ఎదురు దుకాణం కూడా తన ధర మార్చలేదు.

వ్యాకోచత్వం అంటే ధర ఒక శాతం మారితే కొనే పరిమాణం ఎన్ని శాతం మారుతుందన్నదే. చాలామంది వెంటనే ఇలా వేస్తారు: ధర 400 మీద 40 పెరిగింది, 10 శాతం. అమ్మకం 250 మీద 35 తగ్గింది, 14 శాతం. జవాబు -1.4.

తప్పు కాదు. కానీ యజమాని మనసు మార్చుకుని ధరను మళ్లీ 440 నుంచి 400కి దించాడనుకోండి. ఇప్పుడు ధర తగ్గుదల 9.09 శాతం, అమ్మకం పెరుగుదల 215 మీద 35, అంటే 16.28 శాతం. జవాబు -1.79. అదే కాజా, అవే రెండు ధరలు, ఎక్కేటప్పుడు ఒక జవాబు, దిగేటప్పుడు మరొకటి. ఈ ఇబ్బంది లేకుండా రెండు చివరల సగటును ఆధారంగా తీసుకోవడమే చాప పద్ధతి. కింద P ధర, Q అమ్మకం, E వ్యాకోచత్వం; 1 అంటే పెంచక ముందు, 2 అంటే పెంచిన తర్వాత.

```
E = ((Q2 - Q1) / ((Q1 + Q2) / 2)) ÷ ((P2 - P1) / ((P1 + P2) / 2))

Q: (215 - 250) / 232.5 = -0.1505
P: (440 - 400) / 420   = +0.0952
E: -0.1505 / 0.0952    = -1.58
```

రుణ గుర్తు ధర, డిమాండ్ ఎదురెదురుగా నడుస్తాయని చెబుతుంది. పరిమాణం ఎంతో చూసేటప్పుడు గుర్తు వదిలేసి 1.58 అంటాం. అది 1 కంటే ఎక్కువ కాబట్టి ఇది వ్యాకోచ డిమాండ్. ఆశ్చర్యం లేదు. కాజా లేకపోతే ఇల్లు గడవకపోదు, నాలుగడుగులు వేస్తే మరో దుకాణం ఉంది, అక్కడా నచ్చకపోతే మైసూరుపాకు ఉంది. బియ్యం, పాల విషయంలో ఇంత పెద్ద అంకె రావడం కష్టం.

ఇక్కడి వరకు వచ్చి, “డిమాండ్ వ్యాకోచంగా ఉంది కాబట్టి ధర పెంచడం తప్పు, వెంటనే తగ్గించాలి” అని రాసి పేపరు మడిచేసేవాళ్లను ఏటా చూస్తున్నాను. కాస్త ఆగండి.

వ్యాకోచ డిమాండ్‌లో ధర పెరిగితే అమ్మకాల రాబడి తగ్గుతుంది. ఆ మాట నిజమే: ముందు 250 × 400 = 1,00,000 రూపాయలు, తర్వాత 215 × 440 = 94,600. వారానికి 5,400 తగ్గింది. అయితే యజమాని ఇంటికి తీసుకెళ్లేది రాబడి కాదు. కిలో కాజాకు పాలు, నెయ్యి, మైదా, పంచదార, గ్యాసు, డబ్బా కలిపి ఇప్పుడు 260 రూపాయలు అవుతుందనుకోండి. తయారు చేయని కాజాకు ఈ ఖర్చు ఉండదు. అద్దె, జీతాలు మాత్రం కాజా అమ్మినా అమ్మకపోయినా అంతే, కాబట్టి వాటిని ఈ పోలికలోకి తేనక్కర్లేదు.

```
400: (400 - 260) × 250 = 35000
440: (440 - 260) × 215 = 38700
```

రాబడి 5,400 పడిపోయింది, చేతిలో మిగిలేది 3,700 పెరిగింది. ధర పెంచడం తప్పు కాదన్నమాట. ఎంత అమ్మకం పోయినా తట్టుకోగలడో కూడా చూడండి: 35,000ను 180తో భాగిస్తే 194.4. వారానికి 195 కిలోలు అమ్ముడుపోతున్నంత కాలం కొత్త ధర పాతదానికి తీసిపోదు.

మరి ఆ 35 కిలోలు ఎవరివి? ఇది సూత్రం చెప్పదు, బిల్లులు చెబుతాయి. బిల్లుల సంఖ్య తగ్గకుండా కిలో బిల్లులు ముప్పావు కిలో బిల్లులుగా మారి ఉంటే, మనుషులు పోలేదు, డబ్బా చిన్నదయింది. బిల్లులే తగ్గి ఉంటే సంగతి వేరు. కాజా కోసం వచ్చినవాళ్లు కారాబూందీ కూడా తూయించుకుంటారు. పోయిన ప్రతి కిలో కాజాతో పాటు అర కిలో బూందీ, దాని మీద 60 రూపాయల మిగులు పోయిందనుకుంటే 35 × 60 = 2,100. అప్పుడు లాభం 3,700 కాదు, 1,600 మాత్రమే. ఇప్పటికీ లాభమే, కానీ మీసం మెలేసేంత కాదు.

“అయితే 480 చేద్దాం సార్” అని వెనక బెంచీ నుంచి ఒక గొంతు తప్పకుండా వస్తుంది. మన రెండు బిందువుల మధ్య గీత గీసి ముందుకు పొడిగిస్తే, 480 దగ్గర 180 కిలోలు వస్తాయి. మిగులు 220 × 180 = 39,600. కాజా మీద ఇంకో 900 మాత్రమే. దానికోసం మరో 35 కిలోలు వదులుకోవాలి, వాటితో పాటు బూందీ కూడా పోతే నష్టమే. పైగా ఆ గీత 440 దాటాక ఎటు వంగుతుందో మన దగ్గర ఆధారం లేదు. సరళరేఖ మీద పైకి వెళ్లే కొద్దీ వ్యాకోచత్వం పెరుగుతుందని మరవకండి: 400 దగ్గర 1.4, 440 దగ్గర 1.79. ఇందాక ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వచ్చిన అంకెలే ఇవి. సగటు తీయకుండా గీత మీద ఒక్కో బిందువు దగ్గర విడిగా కొలిచే బిందు పద్ధతిలో చూస్తే, ఆ గీత రెండు చివరల విలువలు అవే. 1.58 అన్నది 400కూ 440కీ మధ్య మాట, అంతకు మించి దాని మీద బరువు పెట్టకూడదు. నన్నడిగితే 440 దగ్గరే ఆగుతాను.

చివరగా, గత ఏడాది అసైన్‌మెంటులో నాకు బాగా నచ్చిన తప్పు ఒకటి. ఇదే నమూనా ఇచ్చాను. ఒక విద్యార్థిని 440 ధర దగ్గర అమ్మకంగా రొట్టెల పండుగ వారం అంకె, 410 కిలోలు తీసుకుంది. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గాకు, స్వర్ణాల చెరువుకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, తిరిగి వెళ్లేటప్పుడు మిఠాయి డబ్బా పట్టుకెళ్తారు. ఆమెకు వచ్చిన జవాబు +5.09. కూడికలు, భాగహారాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ధర పెరిగితే కాజా మరింత తింటారని దాని కింద నిబ్బరంగా వ్యాఖ్యానం కూడా రాసింది. జరిగింది ధర ప్రభావం కాదు, డిమాండ్ రేఖ మొత్తంగా కుడివైపు జరిగింది, అంటే ఏ ధర దగ్గరైనా కొనే పరిమాణమే పెరిగింది. ఆషాఢంలో దీనికి ఎదురు బోల్తా పడతారు: పెళ్లిళ్లు లేక తగ్గిన అమ్మకాన్ని కూడా ధర మీదకే నెట్టేస్తారు.

వచ్చే బుధవారానికి మీ పని: అదే దుకాణంలో కారాబూందీ కిలో 280 నుంచి 300 అయింది, వారపు అమ్మకం 160 కిలోల నుంచి 155కి తగ్గింది, కిలో ఖర్చు 160. చాప పద్ధతిలో వ్యాకోచత్వం, రాబడిలో మార్పు, మిగులులో మార్పు లెక్కగట్టి, ధర పెంపును నిలబెట్టుకోవాలో వద్దో యజమానికి నాలుగు వాక్యాల్లో రాయండి. ఆయన వ్యాకోచత్వం అన్న మాట ఎన్నడూ వినలేదనుకుని రాయండి.