స్టేజీ వీడియో

"శ్రావణి స్నాతకోత్సవం" అని పేరు పెట్టిన ఫోల్డర్‌లో ఫొటోలన్నీ ఉన్నాయి. వీడియోలు లేవు.

రఘురామ్ ఫోల్డర్‌ను పైనుంచి కిందిదాకా మళ్లీ చూశాడు. పక్క ఫోల్డర్లు తెరిచాడు. పేరు తప్పు పడిందేమోనని కంప్యూటర్ మొత్తం వెతికించాడు. అంతకు గంట ముందే కూతురు ఫోన్ చేసింది. "నాన్నా, స్టేజీ మీద నా పేరు పిలిచిన వీడియో ఉందిగా, అది పంపవా? ఇక్కడ అందరూ వాళ్ల వాళ్లవి చూపించుకుంటున్నారు" అంది. రాత్రికల్లా పంపుతానన్నాడు.

ఏం జరిగిందో అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ కెమెరా ఫొటోలను DCIM అనే ఫోల్డర్‌లో, వీడియోలను PRIVATE అనే మరో ఫోల్డర్‌లో లోపలికి ఎక్కడో దాస్తుంది. పేరు చూసి అది కెమెరా సొంత సరంజామా అనుకున్నాడు. DCIM ఒక్కటే కాపీ చేశాడు. ఫొటోలు వచ్చాయి కదా, అన్నీ వచ్చాయనుకున్నాడు. మొన్న ఆఫీసులో సహోద్యోగి రిటైర్మెంట్ సభ ఉంటే కెమెరా తీసుకెళ్లాడు. కార్డు నిండిపోయిందని స్క్రీన్ మీద వచ్చింది. ఫార్మాట్ నొక్కాడు. మొత్తం డేటా పోతుంది, సరేనా అని కెమెరా అడిగింది. సరే అన్నాడు.

ఆ తర్వాత పద్దెనిమిది నిమిషాల ఉపన్యాసం అదే కార్డులోకి ఎక్కించాడు.

భార్యకు చెప్పలేకపోయాడు. "ఏవండీ, అమ్మాయికి పంపారా?" అని సుజాత వంటింట్లోంచి అడిగితే "నెట్ స్లోగా ఉంది" అన్నాడు. రాత్రంతా నిద్ర లేదు. తెల్లవారాక మేనల్లుడు కిరణ్‌కు ఫోన్ చేశాడు. కిరణ్ పని చేసేది సర్వర్ల మీద, కార్డుల మీద కాదు. అయినా ఇంట్లో ఇలాంటివన్నీ వాడి మీదే పడతాయి.

"మావయ్యా, ముందు ఒకటి చెప్పండి. కార్డు ఇప్పుడు ఎక్కడుంది?"

"కెమెరాలోనే."

"ఇంకేమీ తీయకండి. ఆ కెమెరా ఆన్ కూడా చేయకండి. కార్డు బయటికి తీసి, పక్కన చిన్న మీట ఉంటుంది చూడండి, దాన్ని లాక్ వైపు జరపండి. నేను సాయంత్రం వస్తాను."

సాయంత్రం ల్యాప్‌టాప్ తెరుస్తూ కిరణ్ విషయం చెప్పాడు. కెమెరా ఫార్మాట్ చేస్తే సాధారణంగా వీడియోలను చెరపదు. ఏ ఫైలు కార్డులో ఎక్కడుందో రాసుకున్న పట్టికను మాత్రం ఖాళీ చేస్తుంది. అసలు డేటా ఉన్నచోటే ఉంటుంది, దాని మీద కొత్తది రాసేదాకా. "మీరు రాసింది ఆ ఉపన్యాసం ఒక్కటే. ఈ కెమెరా సెకనుకు యాభై మెగాబిట్లు రాస్తుంది. పద్దెనిమిది నిమిషాలంటే దగ్గర దగ్గర ఏడు జీబీ. అరవై నాలుగులో ఏడు పోయింది. మిగతాది ఉండాలి."

"ఉండాలా? ఉందా?"

"చూద్దాం మావయ్యా."

కార్డు మీద నేరుగా ఏ ప్రయోగమూ చేయకూడదన్నాడు. ముందు దాన్ని ఉన్నదున్నట్టుగా ఒక పెద్ద ఫైలుగా కాపీ తీసి, ఇక ఏం చేసినా ఆ కాపీ మీదే చేయాలి.

```
ddrescue -d /dev/sdb card.img card.map
```

అంకెలు మెల్లగా పెరుగుతుంటే రఘురామ్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. సుజాత తలుపు దగ్గర నిలబడి ఎప్పటినుంచి వింటోందో తెలియదు. "పిల్లకు చెప్పారా?" అంది.

"దొరికాక చెబుదామని."

"దొరక్కపోతే?"

ఆయన దగ్గర జవాబు లేదు. ఆవిడే ఫోన్ తీసి, నంబర్ కలిపి, ఆయన చేతికిచ్చింది.

శ్రావణి అంతా విన్నది. కాసేపు ఏమీ అనలేదు. "నిన్న నాకెందుకు చెప్పలేదు నాన్నా? నెట్ బాలేదన్నావట" అంది. గొంతు మారిపోయింది. ఆయన ఏదో అనబోయేలోపే "తర్వాత చేస్తాను" అని పెట్టేసింది.

ఆ కాపీలోంచి పోయిన ఫైళ్లను వెతికి తీసే PhotoRec అనే ప్రోగ్రామ్ ఆ రాత్రి నడుస్తూనే ఉంది. ఫైళ్ల పేర్లతో దానికి పని లేదు. ఒక్కో రకం ఫైలు మొదట్లో ఉండే గుర్తును పట్టుకుని, అక్కడినుంచి డేటాను ఏరుకుంటూ పోతుంది. పొద్దున లేచేసరికి recup_dir.1, recup_dir.2 అని వరసగా ఫోల్డర్లు తయారయ్యాయి. వాటి నిండా అంకెల పేర్లతో ఫైళ్లు. తేదీల్లేవు, వరసా లేదు. రఘురామ్ మొదట చేతికందిన వీడియో నొక్కాడు. హాలు బయట మెట్ల మీద శ్రావణి, పక్కన ఇద్దరు స్నేహితురాళ్లు, టోపీ జారిపోతుంటే ఒకరి తల మీద ఒకరు సర్దుకుంటున్నారు. "అంకుల్, ఇంకా ఆన్ చేయలేదు కదా?" అని ఎవరో అన్నారు. ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఆ రోజు తీస్తున్నప్పుడు ఆయన చూసింది ఫోకస్‌ను, బ్యాటరీని, అడ్డొచ్చే తలల్ని. కూతురి మొహం సరిగా చూసింది ఇప్పుడే. నిద్ర లేక కళ్లకింద చారలున్నాయి. నవ్వుతూనే రెండు చేతులూ గట్టిగా పట్టుకుని నిలబడింది. అంత టెన్షన్ పడుతోందని అప్పుడు తెలియనే లేదు.

దొరికిన వీడియోల్లోంచి ఒకటి ఆమెకు పంపాడు, ఏమీ రాయకుండా. మధ్యాహ్నం జవాబు వచ్చింది. "ఇది చివర్లోది. దీని ముందు గ్రూప్ ఫొటో ఉండాలి. అన్నీ పంపు, వరస నేను చెప్తాను."

అలా మొదలైంది. ఆమె ఆఫీసు నుంచి వచ్చాక ఫోన్లో ఉంటుంది, ఈయన ఒక్కో ఫైలూ తెరిచి ఏం కనిపిస్తోందో చెబుతాడు. ఏ డిపార్ట్‌మెంట్ ముందు వెళ్లిందో, ఎవరి తర్వాత ఎవరి పేరు పిలిచారో ఆమెకు గుర్తుంది. "నీలం అంచు గౌన్లు వచ్చాయంటే అది మా బ్యాచ్ కాదు నాన్నా, ఇంకా ముందు." మొదటి రెండు రోజులు పొడిపొడిగా, పని ఉన్నంతవరకే మాట్లాడింది. మూడో రోజు ఒక వీడియోలో వెనక వరసలో నిద్రపోతున్న స్నేహితుణ్ని చూసి పకపకా నవ్వింది. రఘురామ్‌కు ఆ నవ్వు వినగానే ప్రాణం లేచొచ్చింది.

ఊరేగింపు దొరకలేదు. బ్యాండు వెనక అందరూ వరసగా హాల్లోకి రావడం కార్డులో మొట్టమొదట తీసిన వీడియో. రిటైర్మెంట్ ఉపన్యాసం సరిగ్గా దాని మీదే పడింది. ఒకదాని మీద ఇంకొకటి రాశాక ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదని కిరణ్ ఉన్నమాట చెప్పాడు. రఘురామ్ ఆ సంగతి అదే రాత్రి కూతురికి చెప్పేశాడు, దాచకుండా.

స్టేజీ వీడియో మాత్రం దొరికీ దొరకనట్టుగా ఉంది. ఫైలు ఉంది, నొక్కితే తెరుచుకోదు. కిరణ్ పరీక్షిస్తే స్క్రీన్ మీద ఒకటే మాట: moov atom not found. ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే సమాచారం ఆ moov లోనే ఉంటుంది. ఈ కెమెరా దాన్ని రికార్డింగ్ ఆపాక ఫైలు చివర రాస్తుంది. చివర దొరకలేదంటే వీడియో ఒకేచోట లేదన్నమాట.

"హాల్లో ఏమైనా డిలీట్ చేశారా మావయ్యా?"

చేశాడు. శ్రావణి వంతు రాబోతుంటే కార్డులో చోటు చాలదేమోనని భయపడి, ఖాళీ కుర్చీలవి, పూలదండలవి తీసిన చిన్న చిన్న క్లిప్పులు చెరిపాడు. స్టేజీ వీడియో మొదలు కార్డు చివర పడింది, మిగతాది ఆ చెరిపిన ఖాళీల్లోకి వెళ్లింది.

ఇక్కడినుంచే అసలు ఆలస్యం. కిరణ్ శని, ఆదివారాలు వచ్చి కూర్చునేవాడు. అప్పటికే దొరికిన ఫైళ్లు కాపీలో ఏయే చోట ఉన్నాయో గుర్తు పెట్టుకుంటూ, ఏ ఫైలుకూ చెందని జాగాలను వేరు చేశాడు. వాటిలో ఒక్కోదాన్నీ మొదటి ముక్క వెనక అతికించి చూడాలి. ఇలాంటి వీడియోలను బాగుచేసే untrunc అనే ప్రోగ్రామ్ ఉంది. దానికి అదే కెమెరాతో, అదే సెట్టింగ్‌లో తీసిన మంచి వీడియో ఒకటి నమూనాగా ఇవ్వాలి. రిటైర్మెంట్ ఉపన్యాసమే ఇచ్చారు.

మొదటిసారి నలభై సెకన్లు ఆడింది. మైకులో పేర్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. శ్రావణి స్టేజీ పక్కన వరసలో నిలబడి గౌను చెయ్యి మడతలు సరిచేసుకుంటోంది. మెట్టు మీద కాలు పెట్టింది. అక్కడ బొమ్మ చెదిరింది. ముందు మెట్లు బూడిదరంగు గళ్లయ్యాయి, తర్వాత స్టేజీ, ఆ తర్వాత ఆమె భుజం దాకా. కుడి చేతి వేళ్లు మాత్రం కాసేపు స్పష్టంగా మిగిలాయి. తర్వాత అవీ పోయాయి.

"ముక్క సరైనది కాదు. ఇంకోటి పెడదాం" అన్నాడు కిరణ్.

ఇంకోటి పెడితే బొమ్మ రాలేదు, గొంతులు వచ్చాయి. మరోటి పెడితే అసలేమీ లేదు. ఆ ఆదివారం చీకటి పడ్డాక, రేపు ఆఫీసుంది, లేవాలి అనుకుంటూ కిరణ్ ఆఖరుగా ఇంకోటి కలిపాడు. బొమ్మ చెదరలేదు. శ్రావణి మెట్లు ఎక్కింది.

"సుజాతా!" అని రఘురామ్ కేకేశాడు. శ్రావణికి వీడియో కాల్ కలిపి ఫోన్ను స్క్రీన్ ఎదురుగా పెట్టారు.

మైకులో ఆమె పేరు వినిపించింది. శ్రావణి స్టేజీ మధ్యకు నడిచింది. ఎదుటివాళ్లు పట్టా అందిస్తూ చెయ్యి ముందుకు చాచారు. సరిగ్గా అప్పుడు బొమ్మ ఒక్కసారి కిందికి వాలింది. నేల, ముందు వరసలో ఎవరివో బూట్లు, కుర్చీ కాలు. కెమెరా అటూ ఇటూ ఊగుతోంది. మైకుకు బాగా దగ్గరగా టప్ టప్ మని చప్పుడు, దాని వెనక "అదీ! అదీ నా తల్లి!" అని ఒక మగగొంతు. బొమ్మ పైకి లేచేసరికి శ్రావణి అవతలి మెట్లు దిగుతోంది.

ఎవరూ మాట్లాడలేదు. రఘురామ్ మళ్లీ వెనక్కి జరిపి చూశాడు. మళ్లీ అదే నేల, అవే బూట్లు.

"మిగతా ముక్క ఇంకెక్కడైనా ఉందేమో చూడు కిరణ్" అన్నాడు.

"ముక్క పోలేదు మావయ్యా. వీడియో ఇంతే. మీరు కెమెరా పట్టుకునే చప్పట్లు కొట్టారు."

"నేనా?" ఆయనకు గుర్తు లేదు. ఇన్నాళ్లూ ఆ క్షణం తీశాననే అనుకున్నాడు. "పట్టా తీసుకోవడమే పడలేదు తల్లీ" అన్నాడు ఫోన్ వైపు తిరిగి.

శ్రావణి ముక్కు తుడుచుకుంటోంది. "నువ్వు ఎడమవైపు నిలబడ్డావా నాన్నా? నేను స్టేజీ మీంచి కుడివైపంతా వెతికాను నీకోసం. లైట్లకి ఏమీ కనబడలేదు. ఆ అరుపు నువ్వేనా?"

"నేనే కాబోలు."

"పట్టా తీసుకున్న ఫొటో కాలేజీవాళ్లే ఇచ్చారు, నా దగ్గరుంది. నాకిది కావాలి. ఇంకోసారి పెట్టు. ఆ నేల కనిపించే చోటినుంచి."

పెట్టాడు. అయ్యాక "అక్కడ కట్ చేయకుండా మొత్తం పంపు" అంది. "ఇంకో కాపీ అమ్మ కంప్యూటర్లో వెయ్యి. ఆ కార్డు కెమెరాలో పెట్టకు, నేనొచ్చేదాకా అలాగే ఉంచు. ఊరేగింపు మా ఫ్రెండ్ వాళ్ల నాన్న కూడా తీశారట, అడుగుతాను. అందులో మన బ్యాచ్ ఎక్కడుందో నువ్వే వెతకాలి."

"పంపించమను," అంటూ రఘురామ్ డెస్క్‌టాప్ మీద కొత్త ఫోల్డర్ తెరిచాడు.