కాలువ బొమ్మలు: నీటిరంగుల ఒరిజినల్ ఒకటి, లైనోకట్ ప్రింట్లు, నకలు ప్రింట్లు (చెన్నై)

ఇక్కడ అమ్మకానికి పెట్టినవి మూడు రకాలు. మొదటిది చేత్తో వేసిన నీటిరంగుల బొమ్మ, అది ఒక్కటే ఉంది. రెండోది లైనో పలక చెక్కి, సిరా పూసి, ఒక్కో కాగితం చేత్తో అద్దిన ప్రింటు, మొత్తం 24. మూడోది ఆ నీటిరంగుల బొమ్మను స్కాన్ చేసి మెషిన్ మీద తీసిన నకలు, 60కి మించదు. ఫోటోల్లో మొదటిదీ మూడోదీ ఒకేలా కనిపిస్తాయి. ధరలో మాత్రం పన్నెండు రెట్లకు పైగా తేడా. అందుకే ఏది ఏమిటో కాస్త పొడుగ్గా రాస్తున్నాను, చదివాకే కొనండి.

బొమ్మలన్నీ బకింగ్‌హామ్ కాలువవి. మా తాతది కృష్ణపట్నం పక్క పల్లె. నెల్లూరు సీమ నుంచి కట్టెలూ బియ్యమూ ఈ కాలువ మీదే పడవల్లో మదరాసు చేరేవి. తాత చిన్నప్పుడు ఆ పడవల్లో గెడ వేశాడు. ఇప్పుడు అదే కాలువలో మందవెళ్ళి దగ్గర లోకల్ రైలు స్తంభాలు దిగి ఉన్నాయి. పెద్ద బొమ్మ ఆ స్తంభాలది, లైనోకట్ తాత పడవది.

1. స్తంభాల కింద నీళ్లు (ఒరిజినల్, 2023)

నీటిరంగులు, 300 జీఎస్ఎమ్ ఆర్ష్ కోల్డ్ ప్రెస్ కాగితం, నూరు శాతం పత్తి. కాగితం కొలత 38 × 56 సెం.మీ., అంటే సగం షీటు. అంచు దాకా రంగు ఉంది, నాలుగు వైపులా తెల్ల మార్జిన్ లేదు. కుడి కింద మూల కుంచెతోనే బర్న్‌ట్ సియెన్నా రంగులో తెలుగు సంతకం, పక్కన 23 అని సంవత్సరం. వెనక పెన్సిల్‌తో పేరు, కొలత, మళ్లీ సంతకం. ఫ్రేము కట్టాక వెనక రాసింది కనిపించదు కాబట్టి దాని ఫోటో విడిగా ఇస్తాను.

లోపాలు కూడా రాయాలి. ఎడమ పై మూల 4 మి.మీ. మేర నొక్కుకుపోయింది, ఫ్రేములో చుట్టూ వచ్చే మౌంటు బోర్డు కిందికి పోతుంది. రెండో స్తంభం పక్కన పెన్సిల్ గీత ఒకటి రంగు కింద నుంచి కనిపిస్తుంది. అది చెరిపితే కాగితం పీచు లేస్తుందని వదిలేశాను. ఇంకోటి ముఖ్యమైనది: గట్టు మీద ఆరేసిన చీరలో రూపాయి బిళ్లంత గులాబీ మచ్చ ఉంది. అది ఓపెరా రోజ్. ఆ మెరుపు ఇంకే గులాబీలోనూ రాదు, కానీ ఎండకు వెలిసిపోయే రంగు. ఎండ నేరుగా పడే గోడకు తగిలిస్తే కొన్నేళ్లలో ఆ చీర పాలిపోతుంది. మిగతావి అల్ట్రామెరీన్, పసుపు ఓకర్, బర్న్‌ట్ సియెన్నా, కోబాల్ట్ టీల్. ఇవన్నీ వెలుగుకు నిలబడేవే.

ఫ్రేము లేకుండా ₹28,000. ఫ్రేముతో ₹33,500.

2. కట్టె పడవ (రిడక్షన్ లైనోకట్, 2024, ఎడిషన్ 24)

బొమ్మ 28 × 38 సెం.మీ. కాగితం 38 × 50 సెం.మీ., పాండిచ్చేరిలో చేసిన పత్తి చేతికాగితం, అంచులు కత్తిరించనివి. అయిదు రంగులు: లేత పసుపు, ఓకర్, ఇటుక ఎరుపు, ముదురు ఆకుపచ్చ, నలుపు. నూనె సిరాలు.

రిడక్షన్ అంటే ఒకే పలకను రంగు రంగుకీ ఇంకాస్త చెక్కేసుకుంటూ పోవడం. పసుపు అద్దాక, పసుపుగానే ఉండాల్సిన చోటు చెక్కి పారేసి, మిగిలిన దాని మీద ఓకర్. అలా నలుపు దాకా వచ్చేసరికి పలక మీద తాళ్లూ, నీడలూ, తాత గెడా తప్ప ఏమీ మిగల్లేదు. కావాలన్నా ఇరవై అయిదోది అద్దలేను. ఎడిషన్ మూసేశాను అని నేను మాటివ్వక్కర్లేదు, ఆ పలక ఫోటో విడిగా ఉంది, చూడండి.

34 కాగితాలతో మొదలుపెట్టాను. ఏడు పోయాయి: నాలుగింటికి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోలేదు, రెండింటికి వేలిముద్రలు, ఒకటి అక్టోబరు వానల్లో ఆరక పక్కదానికి అతుక్కుంది. ఈ ఊళ్లో వానాకాలంలో నూనె సిరా పొర ఒక్కటి ఆరడానికి పది రోజులు పట్టింది, పంచాంగం చూసి మొదలుపెట్టాల్సింది. మిగిలిన 27లో 24కి అంకె వేశాను. మూడు ఆర్టిస్ట్ ప్రూఫులు, వాటి మీద ఎ.పి. 1/3, 2/3, 3/3 అని ఉంటుంది. అవి నా దగ్గరే ఉంటాయి, అమ్మకానికి కావు.

బొమ్మ కింద మార్జిన్‌లో పెన్సిల్‌తో ఎడమన అంకె, మధ్యలో పేరు, కుడివైపు సంతకం, సంవత్సరం. పెన్సిల్ ఎందుకని అడుగుతారు. పెన్ను సిరా కాగితంలోకి పాకుతుంది, వెలుస్తుంది కూడా. గ్రాఫైట్ అలాగే ఉంటుంది. 3/24 అంటే మూడోసారి అద్దింది అని కాదు. అయిదు రంగులకూ కాగితాల వరుస మారుతూ వచ్చింది, అంకెలు చివర్లో వేసినవి. చిన్న అంకె మంచి ప్రింటు అనే మాట దీనికి వర్తించదు.

చేత్తో అద్దినవి కాబట్టి ఏ రెండూ అచ్చం ఒకేలా ఉండవు. కొన్నింట్లో ఆకుపచ్చ దట్టంగా, కొన్నింట్లో ఉప్పు చల్లినట్టు కాగితం చుక్కలు బయటపడుతూ ఉంటుంది. మీరు అడిగిన అంకె ప్రింటు ఫోటోయే పంపుతాను, నమూనా ఫోటో కాదు.

ఫ్రేము లేకుండా ₹6,500. ఫ్రేముతో ₹11,000.

3. స్తంభాల కింద నీళ్లు (నకలు ప్రింటు, ఎడిషన్ 60)

దీన్ని కొందరు ఒరిజినల్ ప్రింట్ అని అమ్ముతారు. నేను అనను. ఇది మొదటి బొమ్మకు కాపీ. చెన్నైలోనే ఒక ప్రింటింగ్ స్టూడియోలో పిగ్మెంట్ సిరాలతో, 308 జీఎస్ఎమ్ మ్యాట్ పత్తి కాగితం మీద తీయించింది. ఒరిజినల్ కంటే చిన్నది: బొమ్మ 28 × 41 సెం.మీ., కాగితం 33 × 48 సెం.మీ.

60 అంటే అన్నీ కలిపి 60. రేపు పెద్ద సైజు తీసి అది వేరే ఎడిషన్ అనడం, కాన్వాస్ మీద వేసి అది ఇంకోటి అనడం ఉండదు. ఇప్పటికి 20 తీయించాను, మిగతావి అవసరాన్ని బట్టి. తర్వాత తీసినవి రంగులో తేడా రాకుండా మొదటి బ్యాచ్‌లో 1/60 నా దగ్గర పెట్టుకుని దానితో పోలుస్తాను.

దీని మీద రెండు సంతకాలు కనిపిస్తాయి. బొమ్మలో ఉన్నది ఒరిజినల్ మీది కుంచె సంతకం, అది ప్రింటయి వచ్చింది, లెక్కలోకి రాదు. కింద మార్జిన్‌లో పెన్సిల్‌తో ఉన్నదే నేను ఈ కాగితం మీద చేసింది. అంకె కూడా అక్కడే.

ఫ్రేము లేకుండా ₹2,200. ఫ్రేముతో ₹4,900.

రంగుల సంగతి

ఆరు ఫోటోలున్నాయి. 1, 2 మా కొళత్తూరు ఇంటి ఉత్తరం వైపు బాల్కనీలో, మబ్బు పట్టిన పొద్దున తీసినవి. రెండో దాంట్లో పక్కన బూడిద కార్డు ఉంది, రంగు సరిచేసింది దాన్ని బట్టే. 3 బొమ్మలో నీళ్లను దగ్గరగా తీసింది. 4 రాత్రి పసుపు ఎల్‌ఈడీ బల్బు కింద. కావాలనే పెట్టాను, చాలామంది హాల్లో ఉండేది ఆ వెలుగే. 5 ఫ్రేముతో గోడ మీద. 6లో ఒరిజినలూ నకలూ పక్కపక్కన. ఏది ఏదో కింద చీటీ ఉంది.

ఆరో ఫోటోలో నీళ్లు చూడండి. ఒరిజినల్‌లో నీళ్ల మీద నూనె తెట్టు కోబాల్ట్ టీల్‌తో వేసింది. నీలానికీ ఆకుపచ్చకీ మధ్య, లోపల దీపం పెట్టినట్టుండే రంగు. నీళ్లు ఆ రంగులో ఉన్నాయంటే అది కాలువ గొప్పతనమేమీ కాదు, అందులో కలిసే మురుగుది. ఈ రంగు ప్రింటర్ సిరాలకు అందదు. స్టూడియోలో మూడు సార్లు సరిచేసి చూశాం. టీల్ కోసం ఆకుపచ్చ పెంచితే స్తంభాల బూడిద రంగు పచ్చబడింది. చివరికి స్తంభాలు సరిగ్గా ఉండనిచ్చి, నీళ్లను కాస్త మసకగా, నీలం వైపు ఒదిగేలా వదిలేశాను. చీర గులాబీ కూడా నకలులో ఒక మెట్టు తక్కువే. మిగతా రంగులు పగటి వెలుగులో పక్కపక్కన పెట్టి చూస్తే చాలా దగ్గరగా ఉన్నాయి. అల్ట్రామెరీన్ గింజలు గింజలుగా కాగితం గుంటల్లో దిగడం నకలులో కనిపిస్తుంది, కానీ వేలికి తగలదు.

ఫోన్‌లో చూసేవాళ్లు వివిడ్ డిస్‌ప్లే ఆపి చూడండి. రాత్రి పూట పసుపు తెర ఉంటే అదీ తీసేయండి. వివిడ్‌లో టీల్ ఒరిజినల్ కంటే కూడా మెరుస్తుంది. అలా చూసి కొన్నాక బొమ్మ వెలిసిందంటే నా దగ్గర జవాబు లేదు. లైనోకట్‌లో ఇటుక ఎరుపు చాలా తెరల మీద నారింజ వైపు పోతోంది, నిజానికి కాల్చిన కుండ రంగు. ఫోటోల్లో కాగితం తెల్లగా ఉన్నా అసలు కాగితం వెన్న రంగు.

పసుపు బల్బు కింద పెట్టేటట్టయితే నీలాలు మసకబారతాయి. 4000 కెల్విన్ బల్బుకు మార్చినా చాలు, పెద్ద ఖర్చేమీ కాదు. ఇంకా అనుమానంగా ఉంటే నకలులో నీళ్లూ స్తంభమూ వచ్చే 10 సెం.మీ. ముక్క పోస్టులో పంపుతాను, ₹150. తర్వాత ప్రింటు కొంటే అది తగ్గిస్తాను. ఒరిజినల్‌కైతే పొద్దున పది, పదకొండు మధ్య వీడియో కాల్‌లో చూపిస్తాను. ఇంటికొచ్చి చూడటం అన్నిటికంటే మంచిది, ఆదివారాలు రండి.

ఫ్రేము

టేకు బద్ద, 2 సెం.మీ. వెడల్పు, మైనం పాలిష్, రంగు వేయలేదు. యాసిడ్ లేని మౌంటు బోర్డు. ఒరిజినల్‌కు మౌంటు అన్ని వైపులా 6 సెం.మీ., బయటి కొలత 52 × 70 సెం.మీ. లైనోకట్‌కు మౌంటు వేయను. చిరుగు అంచులు కనిపించేలా బోర్డు మీద తేల్చి, గాజుకు తగలకుండా మధ్యలో 6 మి.మీ. బద్ద పెడతాను. దాని బయటి కొలత 51 × 63 సెం.మీ. నకలుది సన్న ఫ్రేము, 46 × 61 సెం.మీ.

బొమ్మను బోర్డుకు అంటించేది జపాన్ కాగితం ముక్కలతో, గోధుమ పిండి జిగురుతో, పై అంచున రెండు చోట్ల మాత్రమే. తడిపితే వచ్చేస్తుంది. సెల్లో టేపు, ఫెవికాల్, లామినేషన్ నా దగ్గర ఉండవు. మీ ఫ్రేము షాపులో కట్టించుకుంటే ఈ మాట వాళ్లకు చెప్పండి, లేకపోతే డ్రై మౌంట్ అని వేడి పెట్టి బోర్డుకు అతికించేస్తారు. ఆపైన విడదీయడం కష్టం, సంతకం ఉన్నా ప్రింటుకు విలువ పోతుంది.

వెనక నాలుగు మూలలా కార్కు బిళ్లలు ఉంటాయి, గోడకీ ఫ్రేముకీ మధ్య గాలి ఆడటానికి. నవంబరు వానలకు చెమ్మ ఊరే గోడకు మాత్రం తగిలించకండి, ఎన్ని బిళ్లలున్నా బూజు ఆగదు.

పంపడం, వెనక్కి తీసుకోవడం

ఊళ్లో అయితే గాజు ఫ్రేము, నేనే తెచ్చి ఇస్తాను, ₹300. బయటి ఊళ్లకు గాజు బదులు యాక్రిలిక్, అదే ధర, కొరియర్ ఖర్చు విడిగా. ఫ్రేము లేని ప్రింట్లు గట్టి గొట్టంలో చుట్టి వస్తాయి. రాగానే విప్పి, పైన శుభ్రమైన కాగితం వేసి పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచండి. ఒరిజినల్‌ను చుట్టను, రెండు అట్టల మధ్య పరిచే పంపుతాను.

రంగు మీరనుకున్నట్టు లేదంటే అందిన ఏడు రోజుల్లో వెనక్కి పంపొచ్చు, బొమ్మ డబ్బు మొత్తం ఇస్తాను, కొరియర్ మీది. దారిలో దెబ్బతింటే ఆ ఖర్చూ నాదే. విప్పేటప్పుడు వీడియో తీయండి చాలు. బొమ్మ మీదవుతుంది, కాపీరైటు నా దగ్గరే ఉంటుంది. ఇంట్లో పెట్టి ఫోటో తీసుకోండి, కప్పుల మీదా టీషర్టుల మీదా వేయకండి. ప్రతిదానితో నా చేతి రాతతో ఒక చీటీ వస్తుంది: పేరు, అంకె, కాగితం, సిరాలు, తేదీ.

ఈ రోజుకి ఒరిజినల్ ఉంది. నకలులో 13/60 వరకు పోయాయి, 1/60 అమ్మకానికి లేదు. లైనోకట్‌లో 1 నుంచి 8 దాకా, 12, 18, 24 అమ్ముడయ్యాయి, 13 మిగిలాయి. తొమ్మిది కలిసొస్తుందని 9/24 కోసం ఇప్పటికే ముగ్గురు అడిగారు. ముందు డబ్బు పంపిన వాళ్లకే. మిగతా ఇద్దరికీ, అంకెలు కలిపితే తొమ్మిదయ్యే 18 కూడా పోయింది కాబట్టి చెప్పేదేమీ లేదు.