సునీతకి, ఇల్లు మారిన ఆరో రోజున

ఏమే సునీతా,

ఫోన్‌లో చెబుదామంటే "ఆపవే నీ థ్యాంక్సులు" అని మాట మార్చేస్తావు, అందుకే రాస్తున్నా. ఇక్కడైతే నా నోరు మూయించలేవు కదా, చివరిదాకా చదువు.

శనివారం పొద్దున ఆరున్నరకి వస్తానన్న ట్రాలీ ఆటో అతను ఏడున్నరకి ఫోన్ ఎత్తడమే మానేశాడు. మధ్యాహ్నానికల్లా మలక్‌పేట ఇల్లు ఖాళీ చేసి తాళాలివ్వాలి, ఆషాఢం పడేలోపు పాలు పొంగించి తీరాలని అమ్మ పట్టు, పిల్లాడికి జ్వరం తగ్గి ఒక్కరోజే అయింది, నేనేమో వంటింటి గడప మీద కూర్చుని ఏడుపు ఆపుకుంటున్నా. నువ్వు ఓదార్చలేదు, మంచిపని చేశావు, ఓదార్చి ఉంటే అక్కడే భోరుమనేదాన్ని. చెప్పులేసుకుని కిందికెళ్లి, సిమెంటు కొట్టు ముందు ఖాళీగా ఆగి ఉన్న బండి అతనితో ఏం మాట్లాడావో ఏమో, ఇరవై నిమిషాల్లో బండినీ ఇద్దరు మనుషుల్నీ వెంటబెట్టుకొచ్చావు.

అంతకుముందు గురువారం రాత్రి బ్యాంకు నుంచి నేరుగా వచ్చి సర్దావే, దాని విలువ నాకు మియాపూర్ వచ్చాక గానీ తెలియలేదు. మంచం విప్పిన నట్లూ బోల్టులూ మావాడి పాత సాక్సులో వేసి మంచం కోడుకే కట్టావు. టీవీ వెనక వైర్లు పీకేముందు ఫోటో తీశావు. అట్టపెట్టె మీద "వంటిల్లు" అని రాసి ఊరుకోకుండా "పోపులడబ్బా, కుక్కర్, టీ గిన్నె, అగ్గిపెట్టె, ముందు ఇది విప్పు" అని రాస్తుంటే నేను నవ్వాను కూడా. ఆ రాత్రి పదహారు పెట్టెల మధ్య నిలబడ్డప్పుడు నవ్వు రాలేదులే, సరాసరి ఆ పెట్టే విప్పి టీ పెట్టుకున్నాం. ఫ్రిజ్ పడుకోబెట్టి తెచ్చారు, రాత్రిదాకా స్విచ్ వేయొద్దు అని ప్లగ్గుకి నువ్వు అంటించిన చీటీ ఇంకా అలాగే ఉంది. పీకబుద్ధి కావట్లేదు.

బీరువా తాళంచెవి కనబడక నీమీద అరిచాను చూడు, "అన్నీ నువ్వే సర్దేస్తే నాకెలా తెలుస్తుంది" అని, ఆ కూలీల ముందే. అది చివరికి నా హ్యాండ్‌బ్యాగులోనే దొరికింది. నువ్వు ఒక్క మాట అనలేదు. తిరిగి నాలుగు తిట్టి ఉంటే నయం, అనలేదు కాబట్టే ఇంకా గుచ్చుకుంటోంది. సారీనే.

ఇక తులసి సంగతి. బండి కిటకిటలాడిపోయింది, ఆవకాయ జాడీ నా ఒళ్లోకి వచ్చింది, అమ్మ బాల్కనీలో కుండీ పక్కన ఊరికే నిలబడింది. తీసుకెళ్దామని ఆవిడ అడగలేదు, నాకు తోచలేదు. నువ్వే చూశావు. కుండీని స్కూటీ మీద కాళ్ల మధ్య పెట్టుకుని, చున్నీతో హ్యాండిల్‌కి కట్టి, లక్డీకాపూల్, అమీర్‌పేట ట్రాఫిక్‌లో అంత దూరం తెచ్చావు. మూసాపేటలో వాన పట్టుకుంటే మెట్రో స్టేషన్ కింద ఆగి, రెయిన్‌కోటు కుండీకి చుట్టి నువ్వు తడిశావట! వానకి మొక్క బాగుపడుతుందే పిచ్చిదానా అంటే, మట్టి కారిపోతే ఆంటీకి ఏం చెప్పాలి అన్నావు. తెల్ల సల్వార్ మోకాళ్లదాకా ఎర్రమట్టి. అమ్మ అపార్ట్‌మెంట్లో కనబడ్డవాళ్లందరికీ "మా తులసమ్మ స్కూటర్ మీద వచ్చింది" అని చెబుతోంది. ఒక కొమ్మ విరిగింది, మిగతాది చిగురేసింది.

సామాను లిఫ్టులో ఎక్కించొద్దని వాచ్‌మన్ అంటే మూడంతస్తులు మోసినవాళ్లకి నాకు తెలియకుండా 1,200 ఇచ్చావని నిన్ననే తెలిసింది. ఇందాక పంపాను. తిరిగి పంపావో చూడు. పెట్రోలు లెక్క నేను అడగను, నువ్వు చెప్పవు, అది వదిలేద్దాం.

ఇక్కడ అంతా బాగానే ఉంది, నీళ్లు బాగా వస్తున్నాయి, గాలి ఉంది. సాయంత్రం కరివేపాకు అయిపోతే అలవాటుగా నీకు ఫోన్ చేయబోయాను, సందు చివర ఉన్నావనుకుని.

నువ్వు పులిహోర తెచ్చిన స్టీలు డబ్బా నా దగ్గరే ఉంది. ఖాళీది తిరిగివ్వకూడదని అమ్మ సున్నుండలు చుడుతోంది. ఆదివారం స్కూటీ వద్దు, మెట్రోలో రా. మలక్‌పేటలో ఎక్కితే మియాపూర్ ఆఖరి స్టేషన్, నిద్రపోయినా దాటిపోవు. భోజనానికి ముందే రా, మళ్లీ మూడింటికి రాకు.

నీ
లక్ష్మి