విషయం: లిఫ్టులు, కామన్ లైట్ల కరెంటు కోసం మన మేడమీద ఉమ్మడి సోలార్ ప్లాంటు

అపార్ట్‌మెంట్ ఫ్లాట్ ఓనర్ల సంక్షేమ సంఘం
పటమట, విజయవాడ
తేదీ: 19 జనవరి 2026

గౌరవనీయులైన ఫ్లాట్ ఓనర్లకు, అద్దెకు ఉంటున్న కుటుంబాలకు నమస్కారం.

మన కామన్ మీటరు మీద డిసెంబరు నెలలో 1,412 యూనిట్లు కాలాయి. యూనిట్ల ఖర్చే దాదాపు 12,400 రూపాయలు. ఫిక్స్‌డ్ ఛార్జీ, సర్దుబాటు ఛార్జీలు కలిపితే 13 వేలు దాటింది. వాచ్‌మన్ జీతం తర్వాత మన మెయింటెనెన్స్‌లో పెద్ద ఖర్చు ఇదే. జీతం తగ్గించలేం, తగ్గించకూడదు కూడా. లిఫ్ట్ సర్వీసు కాంట్రాక్టు ప్రాణాలతో ముడిపడిన విషయం కాబట్టి అక్కడా చెయ్యి పెట్టలేం. శాశ్వతంగా తగ్గించుకోగలిగింది ఈ కరెంటు బిల్లు ఒక్కటే. అందుకే మేడమీద 10 కిలోవాట్ల సోలార్ ప్లాంటు పెట్టుకుందామని కమిటీ తరఫున ప్రతిపాదిస్తున్నాను. ఫిబ్రవరి 1, ఆదివారం ఉదయం 10 గంటలకు మేడమీదే జనరల్ బాడీ సమావేశం ఉంటుంది. నిర్ణయం అక్కడ తీసుకోవాలి కాబట్టి లెక్కలన్నీ ముందే మీ చేతికి ఇస్తున్నాను.

10 కిలోవాట్లే ఎందుకని చాలామంది అడిగారు. దీనికి జవాబు మన బిల్లులోనే ఉంది. కామన్ మీటరుకు డొమెస్టిక్ రేట్లే పడతాయి. మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు. అక్కడి నుంచి మెట్లు మెట్లుగా పెరిగి, 400 యూనిట్లు దాటాక ప్రతి యూనిట్ 9.75. డిసెంబరులో మనం కట్టిన దాంట్లో వెయ్యికి పైగా యూనిట్లు ఈ ఆఖరి మెట్టులోనివే. సోలార్ కరెంటు కలిసినప్పుడు ముందు తగ్గేది ఈ ఖరీదైన యూనిట్లే. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్లాంటు ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తుంది. 10 కిలోవాట్లకు నెలకు సుమారు 1,200. అప్పుడు డిపార్ట్‌మెంటుకు లెక్క కట్టాల్సినవి 212 యూనిట్లు, వాటి ఖరీదు 940 రూపాయల దగ్గర ఆగుతుంది. అంటే నెలకు 11,400 పైగా మిగులు. ఆ మిగిలిన 212 కూడా సోలార్‌తోనే తీర్చుకుందామంటే ఇంకో రెండు కిలోవాట్లు పెట్టాలి. కానీ అవి చవక మెట్ల యూనిట్లు. వాటి కోసం లక్ష పైన ఖర్చు పెడితే ఆ డబ్బు తిరిగి రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. అందుకే 12 కిలోవాట్ల కొటేషన్ వచ్చినా కమిటీ వద్దనుకుంది.

లిఫ్టులే కరెంటంతా తినేస్తున్నాయని మనలో ఒక నమ్మకం ఉంది. నిజానికి బోరు మోటారు, సంపు మోటారు కలిసి లిఫ్టుల కంటే ఎక్కువ తీసుకుంటున్నాయి. సెల్లార్ లైట్లు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటాయి. ఇవన్నీ అదే మీటరు కింద ఉన్నాయి కాబట్టి ప్లాంటు వల్ల అన్నింటికీ లాభమే. పగలు మనం వాడగా మిగిలిన కరెంటు ఏపీసీపీడీసీఎల్ లైనులోకి వెళ్తుంది. రాత్రి కారిడార్ లైట్లకు లైను నుంచి తీసుకుంటాం. రెండు వైపులా లెక్కపెట్టే నెట్ మీటరు బిగిస్తారు. ఇచ్చింది పోగా మిగిలిన దానికే బిల్లు వస్తుంది.

ఒక విషయం సమావేశానికి ముందే స్పష్టంగా చెప్పాలి. కరెంటు పోతే ఈ ప్లాంటు కూడా ఆగిపోతుంది. ఎండ కాస్తున్నా సరే. లైను మీద పని చేస్తున్న లైన్‌మన్‌కు మన కరెంటు తగలకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆపేసుకుంటుంది. ఇది లోపం కాదు, తప్పనిసరిగా ఉండాల్సిన రక్షణ. కాబట్టి కరెంటు పోయినప్పుడు లిఫ్ట్ నడవాలంటే మన జనరేటర్ ఉండాల్సిందే. డీజిల్ ఖర్చు తగ్గుతుందని ఎవరైనా చెప్పి ఉంటే దయచేసి నమ్మకండి. జనరేటర్ నడిచేటప్పుడు సోలార్ దానితో కలవకుండా వైరింగ్ విడిగా చేయాలని కాంట్రాక్టులో రాయిస్తున్నాం. బ్యాటరీలు పెట్టుకోవచ్చు గానీ, మోటార్లు, లిఫ్టులు మోసే బ్యాటరీలంటే ఖర్చు మన అందుబాటులో లేదు.

అలాగే మీ ఫ్లాట్ లోపలి మీటరు బిల్లు దీనివల్ల తగ్గదు. తగ్గేది కామన్ మీటరు బిల్లు మాత్రమే.

ఇక ఐదో అంతస్తు వాళ్ళ ఆందోళన. పైకప్పుకు రంధ్రాలు వేస్తే వానాకాలం ఇంట్లోకి నీళ్ళు కారతాయని భయపడుతున్నారు. ఆ భయం న్యాయమైనదే. రెండేళ్ళ క్రితం వాటర్‌ప్రూఫింగ్‌కు ఎంత ఖర్చయిందో అందరికీ గుర్తే. అందుకే పైకప్పుకు ఎక్కడా డ్రిల్లు తగలకూడదని షరతు పెట్టాం. పిల్లర్లు, బీములు ఉన్న చోట్లలోనే కాంక్రీటు దిమ్మెలు పోసి, వాటి మీద గాల్వనైజ్డ్ ఇనుప స్టాండు నిలబెడతారు. పని మొదలయ్యే ముందు, అయిపోయాక, రెండుసార్లు నీళ్ళు నిలబెట్టి చూస్తాం. కారితే కాంట్రాక్టరుకు ఆఖరి వాయిదా ఇవ్వం.

గాలి సంగతి ఇంకా ముఖ్యం. తుపానుల కాలంలో మనకు ఎలాంటి గాలులు వీస్తాయో చెప్పక్కర్లేదు. భవనాల మీద గాలి ఒత్తిడికి సంబంధించిన ఐఎస్ 875 ప్రమాణంలో విజయవాడకు సెకనుకు 50 మీటర్ల గాలివేగం లెక్కలోకి తీసుకోవాలని ఉంది. గంటకు 180 కిలోమీటర్లన్నమాట. మూడు కొటేషన్లలో తక్కువది 5.80 లక్షలు. అందులో స్టాండు ఏ గాలికి డిజైన్ చేశారని అడిగితే కాగితం చూపించలేకపోయారు. 6.40 లక్షల వాళ్ళు స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకంతో డిజైన్ ఇస్తామన్నారు. కమిటీ దీన్నే సిఫారసు చేస్తోంది. ఐదంతస్తుల పైనుంచి ఒక్క ప్యానెల్ ఎగిరి రోడ్డు మీద పడితే ఏమవుతుందో ఆలోచించండి. ఈ 60 వేల తేడా దగ్గర నేను వెనక్కి తగ్గను. మూడో కొటేషన్ 7.10 లక్షలు, అందులో అదనంగా కనిపించింది ఏమీ లేదు.

స్టాండు ఎనిమిది అడుగుల ఎత్తులో ఉంటుంది. కింద మామూలుగా నడవొచ్చు, బట్టలు ఆరేసుకోవచ్చు. ఆక్రమించేది సుమారు వెయ్యి చదరపు అడుగులు. మేడలో ఇది ఐదో వంతు. వడియాలు, ఒరుగులు, ఎండుమిర్చి పెట్టుకునే తూర్పు వైపు జాగా అలాగే వదిలేస్తున్నాం. ఈ మాట మొదట అడిగింది మూడో అంతస్తు పెద్దమ్మగారే, ఆవిడకు నా మాట ఇచ్చాను. ప్యానెళ్ళు దక్షిణం వైపు వాలుగా వస్తాయి. లిఫ్ట్ రూము, వాటర్ ట్యాంకు ఉత్తరం అంచున ఉండడం మనకు కలిసొచ్చింది, వాటి నీడ ప్యానెళ్ళ మీద పెద్దగా పడదు. పక్క స్థలంలో రేపు ఎత్తైన బిల్డింగ్ లేస్తే అని ఒకరు అడిగారు. ఆ స్థలం కూడా ఉత్తరం వైపే కాబట్టి ఆ ఇబ్బంది పెద్దగా ఉండదు. ప్యానెళ్ళ నీడ వల్ల కింది ఫ్లాట్లకు మే నెలలో కాస్త వేడి తగ్గడం అదనపు లాభం.

మే నెలలో కరెంటు కూడా బాగా ఎక్కువ వస్తుందని అనుకోకండి. ప్యానెల్ బాగా వేడెక్కితే ఉత్పత్తి కొంత పడిపోతుంది. ఎండ బాగా ఉండి వేడి తక్కువగా ఉండే ఫిబ్రవరి, మార్చి నెలలే దానికి మంచివి. జులై, ఆగస్టుల్లో మబ్బుల వల్ల తగ్గుతుంది. పైన చెప్పిన 1,200 ఏడాది సగటు మాత్రమే. ఒక్క నెల బిల్లు చూసి కంగారు పడవద్దు.

ఇన్వర్టర్‌ను సెల్లార్‌లో మీటరు బోర్డుల పక్కన పెడితే వైరు ఖర్చు తగ్గుతుందన్నారు. ఒప్పుకోలేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్ వైపు సెల్లార్లు ఎలా మునిగాయో మనందరం చూశాం. మన వీధికి నీళ్ళు రాలేదని ఎప్పటికీ రావని అనుకోలేం. ఇన్వర్టర్ మెట్ల గది పక్కన, పైన, నీడలో ఉంటుంది.

డబ్బు సంగతి. మొత్తం 6.40 లక్షలు. కార్పస్ ఫండ్ నుంచి 2.40 లక్షలు తీసుకుని, 40 ఫ్లాట్ల నుంచి తలా 10,000 రూపాయలు సేకరించాలి. పీఎం సూర్యఘర్ పథకంలో హౌసింగ్ సొసైటీల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 చొప్పున సబ్సిడీ ఉంది. మనకు 1.80 లక్షలు. అది ప్లాంటు నడవడం మొదలయ్యాక సంఘం బ్యాంకు ఖాతాలో పడుతుంది, ముందుగా రాదు. రాగానే నేరుగా కార్పస్ ఫండ్‌కు వెళ్తుంది. సబ్సిడీ కావాలంటే దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్ళే వాడాలి, కొటేషన్ వాటికే. దరఖాస్తు pmsuryaghar.gov.in లో సంఘం పేరున పెడతాం. పథకం 2026-27 ఆర్థిక సంవత్సరం వరకే ఉంది. అందుకే ఈ తొందర.

నికర ఖర్చు 4.60 లక్షలు. ఏడాదికి మిగిలేది 1.36 లక్షలు. ప్యానెళ్ళు కడిగించడానికి, చిన్న రిపేర్లకు 16 వేలు పక్కన పెట్టినా 1.20 లక్షలు. నాలుగేళ్ళ లోపే మన డబ్బు మనకు వస్తుంది. ప్యానెళ్ళకు 25 ఏళ్ళ ఉత్పత్తి గ్యారంటీ ఉంది. ఇన్వర్టర్ అన్నాళ్ళు రాదు, మధ్యలో ఒకసారైనా మార్చాలి. ఆ ఖర్చుకు ఐదో ఏడాది నుంచి విడిగా దాచాలి.

మిగిలిన డబ్బుతో మెయింటెనెన్స్ తగ్గిద్దామా, దాచుదామా అన్నది మీరే తేల్చాలి. నా అభిప్రాయం మాత్రం చెబుతాను. మెయింటెనెన్స్ ఇప్పుడే తగ్గించవద్దు. అలా చేస్తే పెట్టుబడి పెట్టింది ఓనర్లు, లాభం ముందుగా అందేది అద్దెకున్న వాళ్ళకు అవుతుంది. ఓనర్లలో దీనిపై అసంతృప్తి ఉండడం సహజం. నాలుగేళ్ళు మిగులును కార్పస్‌లో వేసి, అందులోంచి బి-లిఫ్ట్ కంట్రోల్ ప్యానెల్ మార్పిద్దాం. అది ఎలాగూ తప్పదు. అద్దెకున్న వాళ్ళ దగ్గర ఈ 10,000 వసూలు చేయకూడదని ఓనర్లను కోరుతున్నాను. ఒక్కసారి ఇవ్వడం కష్టమైన వాళ్ళు, ముఖ్యంగా పెన్షన్ మీద ఉన్న పెద్దలు, నాలుగు నెలల్లో ఇవ్వొచ్చు. నాతో ఒక్క మాట చెబితే చాలు, కమిటీ బయట ఎవరికీ తెలియనవసరం లేదు.

ప్యానెళ్ళు రెండు వారాలకోసారి కడగాలి. బోరు నీళ్ళతో కడిగితే తెల్లటి చార పేరుకుంటుంది, మున్సిపల్ నీళ్ళు వాడాలి. ఎండెక్కక ముందే కడగాలి. ఈ పని వాచ్‌మన్ మీద ఊరికే రుద్దకుండా నెలకు 800 రూపాయలు అదనంగా ఇద్దాం, పైన చెప్పిన 16 వేలలో అదీ ఉంది.

మేడ మనందరి ఉమ్మడి ఆస్తి కాబట్టి, సమావేశానికి రాలేని ఓనర్లు, ఊళ్ళో లేనివాళ్ళు, విదేశాల్లో ఉన్నవాళ్ళు అంగీకారమో, అభ్యంతరమో సంతకంతో రాసి పంపాలి. ఫారాలు వాచ్‌మన్ దగ్గర ఉన్నాయి. అభ్యంతరం ఉంటే కారణం తప్పకుండా రాయండి, ప్రతిదానికీ సమావేశంలో జవాబు చెబుతాను. మూడు కొటేషన్లు, ఏడాది కరెంటు బిల్లుల నకళ్ళు నా ఇంట్లో ఉన్నాయి. రోజూ సాయంత్రం 6 నుంచి 8 వరకు ఎవరైనా వచ్చి చూడవచ్చు. ఫారాలు జనవరి 30 లోపు చేరాలి.

ఇట్లు,
కార్యదర్శి
ఫ్లాట్ నంబర్ 204