టెన్షన్ వద్దు, మేమున్నాం

అందరికీ నమస్కారం, కాలేజీకి స్వాగతం. నేను ఫైనలియర్. చివరి వరుసలో బ్యాగు ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకున్నవాళ్లను చూస్తుంటే నా మొదటి రోజు గుర్తొస్తోంది. ఆ రోజు నేను పొరపాటున థర్డియర్ క్లాసులో కూర్చుని 20 నిమిషాలు బుద్ధిగా నోట్సు రాసుకున్నాను! పక్కనున్న అక్క నవ్వు ఆపుకుంటూ మా గది దాకా తీసుకెళ్లింది. కాబట్టి దారి తెలియకపోతే మొహమాటపడకండి, అడగండి.

మొదటి నెల పాఠాలు పరిగెడుతున్నట్టే ఉంటాయి. అర్థం కాకపోతే క్లాసయ్యాక సార్‌నో మేడమ్‌నో పట్టుకోండి. ల్యాబ్ రికార్డు మాత్రం ఏ వారానిది ఆ వారమే రాసేయండి. నేను రాయక రెండు రాత్రులు జాగారం చేశాను. క్లబ్బులా, ఒకటి రెండు చాలు. ఎవరైనా ఇబ్బంది పెట్టినా, ఇంటిమీద బెంగ పట్టుకున్నా లోపల దాచుకోకండి, మాకు చెప్పండి.

సరే, లేవండి, ముందు లైబ్రరీ చూపిస్తాను.