రిజిస్ట్రేషన్ ఫారాల ఎంట్రీ: కౌంటర్ సిబ్బందికి

సోంపేట క్యాంపులో ఫోన్‌తో తీసిన ఫారాలు రేపటి నుంచి సిస్టమ్‌లో ఎక్కిస్తున్నాం. స్క్రీన్ పక్కన ఇది అంటించుకోండి.

☐ ముందు ఫొటో పెద్దది చేసి నాలుగు మూలలూ చూడండి. అంచు తెగినా, వేలు అడ్డొచ్చినా టైపు చేయొద్దు, కాగితం తెప్పించి మళ్లీ తీయండి.

☐ పేరు రాసింది రాసినట్టే. ఫారంలో 'అప్పలనర్సమ్మ' అని ఉంటే 'అప్పలనరసమ్మ' అని దిద్దకండి. మన ఊళ్లలో ఒకే వీధిలో ఇద్దరుంటారు; ఆ ఒక్క అక్షరం తేడాకే కిడ్నీ రిపోర్టు ఇంకొకరి ఫైల్లోకి పోతుంది.

☐ వయసు 62, పుట్టిన సంవత్సరం 1970 అని ఉందా? రెండూ అలాగే ఎక్కించి, రిమార్క్స్‌లో 'పొసగడం లేదు' అని రాయండి. లెక్క మీరు సరిచేయకండి.

☐ ఫోన్ నంబరు తొమ్మిదంకెలే ఉంటే తొమ్మిదే.

☐ ఖాళీ గడి ఖాళీగానే. 'లేదు' అని నింపితే, అడిగితే లేదన్నారని అర్థం వస్తుంది. షుగరు, బీపీ గడుల దగ్గర మరీ జాగ్రత్త.

☐ 1, 7 తేల్చుకోలేకపోతే పక్కవాళ్లకి చూపించండి. అప్పటికీ తెలియకపోతే '[చదవలేము]' అని కొట్టండి.

☐ కొట్టివేత ఉంటే రిమార్క్స్‌లో చెప్పండి.

ఎక్కించినవాళ్లు కాక ఇంకొకరు ఫొటోతో సరిచూడాలి. పని అవగానే మీ ఫోన్లలోంచి ఫొటోలు తీసేయండి, వాట్సాప్‌లో ఉన్నవి కూడా.

— సూపర్‌వైజర్